మూడో సంక్రాంతికి అల్లుడు పాతబడతాడు: కొత్త కాపురంలో మోజు తగ్గడం వెనక ఏముంది

క్లుప్తంగా: పెళ్లయిన ఏడాది, ఏడాదిన్నర తర్వాత మొదటి నాటి ఆత్రం తగ్గడం చాలా జంటల్లో కనిపించేదే. మెదడు కొత్తదానికి స్పందించినట్టు తెలిసినదానికి స్పందించకపోవడం దీనికి ఒక కారణం. గోదావరి డెల్టాలో ఇంకో కారణం కూడా ఉంది. ఆషాఢం మొదలు సంక్రాంతి దాకా మొదటి ఏడు ఆ జంటను విడదీస్తూ కలుపుతూ ఉండే ఆచారాలన్నీ దాదాపు అదే సమయానికి ముగిసిపోతాయి. ఆ తర్వాత ప్రతి జంటా కిందికే జారుతుందన్న మాట నిజం కాదు. అయితే మొదటి ఏడాది అలాగే తిరిగి వస్తుందని ఎదురు చూడటమూ వృథా.

కోనసీమలో, భీమవరం, పాలకొల్లు వైపు కొత్త అల్లుడికి జరిగే మర్యాద గురించి వేరే చెప్పక్కర్లేదు. ఏటా సంక్రాంతికి ఏదో ఒక ఇంట్లో వందల రకాల వంటకాలు బల్ల నిండా పరుస్తారు, ఆ వీడియో జిల్లాలు దాటి తిరుగుతుంది. రెండో సంక్రాంతికి అదే అల్లుడికి పది రకాలు పెడతారు. మూడో సంక్రాంతికి అతనే సంచి పట్టుకుని కొబ్బరికాయలకు వెళ్తాడు. దీన్ని ఎవరూ తప్పు పట్టరు, పైగా "మా ఇంటివాడు అయిపోయాడు" అని మురిసిపోతారు. సరిగ్గా ఇదే మార్పు భార్యాభర్తల మధ్య వస్తే మాత్రం అందరూ వాడే మాట వేరు. మోజు తీరిపోయింది అంటారు.

కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత ఈ విషయంలో సగం వరకే పనికొస్తుంది. కొత్త వింతగా ఎందుకు ఉంటుందో మెదడు మీద జరిగిన పరిశోధనలు బాగానే చెప్పగలుగుతున్నాయి. పాతబడిన ప్రతిదీ రోత అవుతుందనడానికి మాత్రం ఆధారాలు అంత బలంగా లేవు.

## ఫోన్ మోగినప్పుడు జరిగేది

డెల్టాలో ఇప్పటికీ ఎక్కువ పెళ్లిళ్లు పెద్దలు కుదిర్చేవే కాబట్టి మోజు అనేది తరచుగా నిశ్చితార్థం రోజు మొదలవుతుంది. ఉంగరాలు మార్చుకుంటారు, నంబర్లు మార్చుకుంటారు. ముహూర్తం మూడు నెలల తర్వాత ఉంటే ఆ మూడు నెలలూ రాత్రి పది దాటాక మేడ మీదో, పెరట్లోనో ఫోన్లు నడుస్తుంటాయి. అవతలి మనిషి గురించి తెలిసింది చాలా తక్కువ. ప్రతి మాటా కొత్త సమాచారమే. ఆమెకు చేపల పులుసు పడదని తెలియడం కూడా ఆ రోజుకు ఒక వార్త.

ఆ సమయంలో మెదడులో ఏం జరుగుతుందో అర్థం కావాలంటే ముందు కోతుల మీద జరిగిన ఒక ప్రయోగం చూడాలి. 1990లలో వుల్‌ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు పళ్లరసం చుక్కలు ఇస్తూ, వాటి మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించాడు. అనుకోకుండా రసం దొరికినప్పుడు ఆ కణాలు జోరుగా పనిచేశాయి. తర్వాత రసానికి ముందు ఒక లైటు వెలిగించడం మొదలుపెట్టారు. కోతికి ఆ క్రమం అలవాటయ్యాక కణాల స్పందన లైటు దగ్గరికి జరిగిపోయింది. రసం వచ్చినప్పుడు ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. అసలు సంగతి తర్వాత ఉంది. లైటు వెలిగాక రావలసిన రసం రాకపోతే, సరిగ్గా రావలసిన క్షణానికి ఆ కణాల పని మామూలు కంటే కిందికి పడిపోయింది.

అంటే డోపమైన్ లెక్కగట్టేది సుఖాన్ని కాదు, అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న తేడాను. అనుకున్నదానికంటే ఎక్కువ దొరికితే ఉప్పొంగుతుంది, అనుకున్నంతే దొరికితే ఊరుకుంటుంది, దొరకకపోతే కుంగుతుంది. భార్యాభర్తల సంబంధం కోతి, పళ్లరసం కంటే ఎన్నో రెట్లు చిక్కైనది. అయినా కొత్త కాపురంలో వచ్చే ఒక విచిత్రం ఈ లెక్కతో బాగా అర్థమవుతుంది. రోజూ తొమ్మిదింటికి వచ్చే ఫోన్ ఏడాది తర్వాత పెద్దగా ఆనందం ఇవ్వదు. అదే ఫోన్ ఒక రోజు రాకపోతే మాత్రం ప్రాణం కొట్టుకుంటుంది. వస్తే ఏమీ లేదు, రాకపోతే టెన్షన్. చాలామంది దీన్ని ప్రేమ తగ్గిపోయిందనడానికి గుర్తుగా తీసుకుంటారు. నిజానికి అవతలి మనిషి నమ్మకంగా అలవాటయ్యాడనడానికి కూడా ఇదే గుర్తు.

మనుషుల మీద నేరుగా జరిగిన పరిశోధనలూ ఉన్నాయి. ఆర్థర్ ఆరన్, హెలెన్ ఫిషర్, లూసీ బ్రౌన్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో గాఢంగా ప్రేమలో ఉన్న 17 మందికి వాళ్ల ప్రియమైనవాళ్ల ఫొటో చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. డోపమైన్ ఎక్కువగా పుట్టే భాగాలు చురుగ్గా కనిపించాయి. అంతకుముందు 1999లో ఇటలీలో డొనటెల్లా మరాజిటి బృందం కొత్తగా ప్రేమలో పడ్డవాళ్ల రక్తాన్ని పరీక్షించింది. సెరొటోనిన్ అనే మెదడు రసాయనానికి సంబంధించిన ఒక కొలత వాళ్లలో మామూలు మనుషుల కంటే తక్కువగా ఉంది. ఒకే ఆలోచన వదలకుండా పీడించే మానసిక సమస్య ఉన్నవాళ్లలో ఉన్నంత తక్కువ అన్నమాట. వాళ్లలో కొందరిని 12 నుంచి 18 నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఆ కొలత మామూలు స్థాయికి వచ్చేసింది. పొద్దస్తమానం అదే ధ్యాసలో ఉండే స్థితి ఒంటికి శాశ్వతంగా ఉండదగ్గది కాదని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఇవి చిన్న చిన్న అధ్యయనాలు. వీటిని పట్టుకుని "సరిగ్గా పద్దెనిమిదో నెలలో ప్రేమ పోతుంది" అని చెప్పే యూట్యూబ్ వీడియోలను నమ్మక్కర్లేదు.

## డెల్టా క్యాలెండర్ చేసే పని

ఇక్కడిదాకా చెప్పింది ఏ ఊరి జంటకైనా వర్తిస్తుంది. గోదావరి జిల్లాల్లో మొదటి ఏడాదికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఒక ఉదాహరణతో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఇది ఫలానా వాళ్ల కథ అని కాదు, ఇక్కడి జంటల్లో మామూలుగా జరిగేవన్నీ ఒకచోట చేర్చిన నమూనా.

అబ్బాయిది భీమవరం దగ్గర ఊరు, వనామి రొయ్యల చెరువులు. అమ్మాయిది అమలాపురం వైపు, ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసింది. మాఘమాసంలో, అంటే ఫిబ్రవరిలో పెళ్లయింది. వైశాఖం, జ్యేష్ఠం ఇద్దరూ ఒకచోట ఉన్నారో లేదో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు, అత్త ఒకే గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తారింట్లో అడుగు పెట్టకూడదు. అమ్మాయి చించినాడ వంతెన దాటి పుట్టింటికి వెళ్లిపోయింది. ఈ ఆచారానికి పెద్దలు చెప్పే కారణాలు రెండు మూడు ఉన్నాయి. ఆషాఢంలో కడుపు పండితే కాన్పు ఎండాకాలంలో వస్తుందనేది ఒకటి. కాలవలకు నీళ్లు వదిలి సార్వా నాట్లు మొదలయ్యే రోజుల్లో పనికి మనిషి అందుబాటులో ఉండాలనేది ఇంకొకటి. కారణం ఏదైనా, ఆ నెల రోజుల ఎడబాటు వల్ల జంట మీద పడే ప్రభావం ఒకటే. నాలుగు నెలలకే అలవాటు కాబోతున్న మనిషి మళ్లీ దొరకని మనిషి అవుతాడు. ఫోన్లు మళ్లీ రాత్రి పదికి మొదలవుతాయి. అత్తారింటి గడప తొక్కకూడదన్నారు గానీ, పాలకొల్లు బస్టాండులో కలవకూడదని ఎవరూ అనలేదు కదా.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చాక మంగళగౌరి నోము. తర్వాత అట్లతద్దె. దీపావళికి అల్లుడికి పిలుపు. చివరికి సంక్రాంతి, బొట్టు పెట్టి తీసుకెళ్లడం, బట్టలు పెట్టడం, భోగి నుంచి కనుమ దాకా ఊరంతా పలకరింపులు. రెండు నెలలకోసారి ఏదో ఒకటి ఈ ఇద్దరినీ విడదీస్తుంది, లేదా అలంకరించి పక్కపక్కన కూర్చోబెడుతుంది. పట్నాల్లో జంటలు డబ్బు పెట్టి కొనుక్కునే కొత్తదనాన్ని ఇక్కడ ఊరు, బంధువులు, పంచాంగం కలిసి అమర్చి పెడతాయి.

సంక్రాంతి అయిపోగానే ఆ ఏర్పాటు దాదాపు మొత్తం ఆగిపోతుంది. నోములు ఐదేళ్లు ఉంటాయి నిజమే, కానీ అవి ఆడవాళ్ల మధ్య జరిగేవి. రెండో ఆషాఢానికి పుట్టింటికి వెళ్లనక్కర్లేదు. అల్లుణ్ని ప్రత్యేకంగా పిలవడానికి ఎవరూ రారు. నిశ్చితార్థం నుంచి లెక్కేస్తే అప్పటికి ఏడాది పైన అయింది. ఒంట్లో ఆత్రం సహజంగా తగ్గే కాలమూ, ఊరు అమర్చిన సందడి ఆగే కాలమూ వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండింటినీ కలిపి ఆ ఇద్దరూ ఒకే మాటతో అర్థం చేసుకుంటారు: మనిషి మారిపోయాడు, మనిషి మారిపోయింది.

## ఒకే మౌనం, రెండు అర్థాలు

నమూనా జంట రెండో ఏడు చూద్దాం. రొయ్య చెరువు అంటే పిల్లలు వేసిన దగ్గర నుంచి పట్టుబడి దాకా మూడు, నాలుగు నెలల కాపలా. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. కరెంటు పోయి నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వెంటనే అందుకోకపోతే, లక్షల రూపాయల సరుకు గంటల్లో తేలిపోతుంది. అందుకని పంట చివరి నెలలో అబ్బాయి రాత్రుళ్లు గట్టు మీద షెడ్డులోనే పడుకుంటాడు. ఇంటికి వచ్చేసరికి పొద్దున ఏడు అవుతుంది.

మొదటి ఏడాది కూడా చెరువు ఉంది, కాపలా ఉంది. అప్పుడు షెడ్డులోంచి రాత్రి పదిన్నరకు ఫోన్ చేసేవాడు, ఆమె మేలుకుని ఉండేది. ఇప్పుడు ఫోన్ లేదు. పొద్దున వచ్చి స్నానం చేసి కూర్చుంటాడు. ఆమె కాఫీ గ్లాసు పెడుతుంది. "చెరువు ఎలా ఉందండీ?" "బానే ఉంది." అంతే. అతను కాఫీ తాగి పడుకుంటాడు.

ఆ నిమిషంలో ఇద్దరి మనసులో ఉన్నది ఒకటి కాదు. అతనికి అది హాయి. రాత్రంతా ఆక్సిజన్ మీటరు వంక చూసి చూసి వచ్చాక, మాట్లాడి మెప్పించాల్సిన పని లేని ఒకే ఒక్క చోటు ఇల్లు. అలవాటు పడిన మనిషి పక్కన ఉంటే ఒళ్లు నెమ్మదిస్తుంది. ఆమెకు అదే నిమిషం లోటు. ఊరు మారింది, ఉద్యోగం మానేసింది, స్నేహితులు కాలవ అవతల ఉండిపోయారు. రోజులో ఆమె ఎదురు చూసే కొత్త మాట అతని దగ్గర నుంచే రావాలి. ఒకరికి విశ్రాంతి ఇచ్చే అలవాటే ఇంకొకరికి ఖాళీగా అనిపిస్తోంది. ఇక్కడ లోపం ప్రేమలో కంటే ఆ ఇంటి ఏర్పాటులో ఎక్కువ ఉంది. ఒకరికి బయట ప్రపంచం ఉంది, ఒకరికి లేదు. పిల్ల ఉద్యోగం చేసే ఇళ్లలో ఇదే సన్నివేశం తిరగబడి కూడా కనిపిస్తుంది.

ఇక్కడ చాలా జంటలు చేసే పొరపాటు ఒకటి ఉంది. మొదటి ఏడాదిని కొలబద్దగా పెట్టుకుంటారు. "అప్పుడు రోజుకు ఐదు సార్లు ఫోన్ చేసేవారు" అనేది వినడానికి ఫిర్యాదు. అప్పుడు చేసిన ఐదు ఫోన్లలో అవతలి మనిషి గురించిన బెంగ ఎంతో, ఆమె ఏమనుకుంటుందో తెలియని టెన్షన్ కూడా అంతే ఉంది. ఆ టెన్షన్ పోయింది కాబట్టి ఫోన్లూ తగ్గాయి. తిరిగి ఐదు ఫోన్లు కావాలంటే ఆ అనుమానమూ తిరిగి రావాలి. అది ఎవరికీ అక్కర్లేదు.

ఇంతలో మోజుకు సంబంధం లేని ఇంకో మార్పు కూడా వచ్చి కలుస్తుంది. రెండో సంక్రాంతికి అమ్మాయి ఏడో నెలతో పుట్టింట్లో ఉంది. మార్చిలో కాన్పు, ఐదో నెలలో బిడ్డతో తిరిగి వచ్చింది. అమెరికాలో 218 జంటలను ఎనిమిదేళ్ల పాటు గమనించిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. పిల్లలు లేని జంటల్లో సంతృప్తి నెమ్మదిగా తగ్గితే, బిడ్డ పుట్టిన జంటల్లో కాన్పు తర్వాత ఒక్కసారిగా తగ్గింది. నిద్ర లేకపోవడం, పని పెరగడం, ఒకరికొకరు మిగిలే సమయం తరిగిపోవడం లాంటివి ఏ ఇంట్లో చూసినా కనిపిస్తాయి. డెల్టాలో పెళ్లయిన రెండు మూడేళ్లలోపే బిడ్డ రావడం మామూలు కాబట్టి ఏది మోజు తగ్గడమో, ఏది నిద్ర చాలకపోవడమో విడదీసి చూడటం కష్టమవుతుంది. నిద్ర సంగతి మాత్రం ఇంట్లోవాళ్లు సర్దగలిగినది. అత్తగారో, అతనో ఒక పూట బిడ్డను చూసుకుంటే తేడా వారంలోనే తెలుస్తుంది.

## కుదిర్చిన పెళ్లిలో ప్రేమ పెరుగుతుందా?

ఈ చర్చ ఎక్కడ వచ్చినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ప్రేమ పెళ్లి పొయ్యి మీద నుంచి దించిన అన్నం, చల్లారుతూ పోతుంది, కుదిర్చిన పెళ్లి ఇప్పుడే ఎసరు పెట్టిన అన్నం. వినసొంపైన పోలికే. దీని వెనక ఒక అధ్యయనం కూడా ఉంది. 1982లో ఉషా గుప్తా, పుష్ప సింగ్ జైపూర్‌లో 50 జంటలను పరిశీలించారు. ప్రేమ పెళ్లిళ్లలో మొదట్లో ప్రేమ స్కోరు ఎక్కువగా ఉండి ఐదేళ్లు దాటిన జంటల్లో తక్కువగా కనిపించింది. కుదిర్చిన పెళ్లిళ్లలో మొదట తక్కువగా ఉండి, పాత జంటల్లో ఎక్కువగా కనిపించింది.

దీన్ని చదివేటప్పుడు ఒక చిక్కు గుర్తుంచుకోవాలి. వాళ్లు అవే జంటలను ఏళ్ల తరబడి చూడలేదు. కొత్తగా పెళ్లైనవాళ్లను, పాతవాళ్లను వేరువేరుగా అడిగి పోల్చారు. పైగా 50 జంటలను రెండు రకాలుగా, మళ్లీ ఏళ్లవారీగా విడదీస్తే ఒక్కో గుంపులో మిగిలేది కొద్దిమందే. ప్రేమ పెళ్లి చేసుకుని ఊరి వ్యతిరేకత మధ్య పదేళ్లు గడిపిన జంట స్కోరు తగ్గితే అది ప్రేమ సంగతో, ఊరి సంగతో చెప్పలేం. అమెరికాలో స్థిరపడిన భారతీయుల మీద 2012లో వచ్చిన ఇంకో అధ్యయనంలో రెండు రకాల పెళ్లిళ్ల మధ్య ప్రేమలో గానీ సంతృప్తిలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

నిజానికి డెల్టాలో ఇప్పుడు ఈ రెండింటి మధ్య గీత కూడా చెరిగిపోయింది. నిశ్చితార్థం తర్వాత మూడు నెలలు రాత్రింబవళ్లు మాట్లాడుకుని పీటల మీదికి వచ్చే జంటకు ముహూర్తం నాటికే మోజు మధ్యలో ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందట పెళ్లిచూపుల్లో ఒక్కసారి చూసుకుని పెళ్లాడిన వాళ్ల అనుభవాన్ని ఈ జంటకు పాఠంగా చెప్పడం అంతగా అతకదు. వాళ్లకు మోజు పెళ్లయ్యాక మొదలైంది. వీళ్లకు అప్పటికే సగం ఖర్చయింది.

## గల్ఫ్ జంటల సంగతి

కోనసీమలో, నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లై నెల తిరక్కముందే కువైట్‌కో, ఖతార్‌కో వెళ్లిపోయే మగవాళ్లు ఉన్నారు. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లూ ఉన్నారు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. ఈ జంటల్లో మోజు తగ్గదు అని కొందరు సరదాగా అంటుంటారు. షుల్జ్ లెక్కలో చూస్తే అది నిజమే. మనిషి ఎప్పుడూ అలవాటయ్యే దశకు రాడు. వచ్చిన ప్రతిసారీ కొత్త పెళ్లికొడుకే.

కానీ మోజుతో పాటు తగ్గాల్సినవి కూడా తగ్గవు. ఎవరు ఎంత ఖర్చు పెడతారు, అత్తగారితో మాట పట్టింపు వస్తే ఎవరు సర్దుతారు, కోపం వస్తే ఎన్ని గంటలకు చల్లారుతుంది, ఇవన్నీ పక్కపక్కన ఉంటేనే తెలుస్తాయి. రెండు నెలల సెలవులో ఎవరూ పోట్లాట పెట్టుకోరు, ఉన్న నాలుగు రోజులూ హాయిగా ఉండాలని అన్నీ దాచుకుంటారు. ఎనిమిదేళ్ల తర్వాత అతను వీసా రద్దు చేసుకుని పూర్తిగా తిరిగి వచ్చేసిన ఇళ్లలో మొదటి ఆరు నెలలు గొడవలు ఎక్కువగా ఉంటాయని ఊళ్లలో అనుకునే మాట ఇందుకే. పెళ్లై ఎనిమిదేళ్లయినా ఒకచోట కాపురం చేసింది మొత్తం కలిపి ఏడాది కూడా ఉండదు. మిగతా జంటలు రెండో ఏడు పడ్డ పాట్లు వాళ్లు తొమ్మిదో ఏడు పడుతుంటారు.

## తర్వాత ఏం ఆశించవచ్చు

జర్మనీలో వేల మందిని 15 ఏళ్ల పాటు ఏటా ప్రశ్నించిన సర్వేను రిచర్డ్ లూకాస్ బృందం 2003లో విశ్లేషించింది. పెళ్లి చుట్టుపక్కల మనుషుల సంతోషం కొంచెం పెరిగి, రెండేళ్లలో సగటున పెళ్లికి ముందున్న స్థాయికి చేరింది. ఆ సగటు కింద దాగిన సంగతి ఇంకా ముఖ్యమైనది. కొందరు ముందుకంటే ఎక్కువ సంతోషంగా ఉండిపోయారు, కొందరు ముందుకంటే కిందికి పోయారు. అమెరికాలో జస్టిన్ లావ్నర్, థామస్ బ్రాడ్‌బరీ కొత్తగా పెళ్లైన జంటలను నాలుగేళ్లు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో కూడా చాలామంది సంతృప్తి పెద్దగా తగ్గలేదు. నిటారుగా కిందికి జారినవాళ్లు తక్కువ మంది, వాళ్లు మొదటి రోజు నుంచే మిగతావాళ్ల కంటే కింద మొదలైనవాళ్లు.

కాబట్టి రెండో ఏడు నుంచి ఒక జంట ఆశించదగ్గది సుమారుగా ఇలా ఉంటుంది. చూడగానే గుండె కొట్టుకోవడం రోజూ ఉండదు. కలిసి ఉండటంలో నెమ్మది పెరుగుతుంది. పడక మీద తరచుదనం మొదటి ఏడాదితో పోలిస్తే తగ్గుతుంది, అది దాదాపు అన్ని దేశాల్లోనూ కనిపించేదే. 2016లో 30 వేల మంది అమెరికన్ల సమాచారం చూసిన పరిశోధకులకు, జంటగా ఉన్నవాళ్లలో వారానికి ఒకసారి వరకు సంతోషంతో సంబంధం కనిపించింది, అంతకు మించి ఎన్నిసార్లైనా అదనపు సంతోషమేమీ కనిపించలేదు. మొదటి ఏడాది లెక్కతో పోల్చుకుని కుమిలిపోయే మగవాళ్లు తెలుసుకోదగ్గ విషయం ఇది.

మోజు పూర్తిగా ఆరిపోవాలనీ లేదు. ఆరన్ బృందంలోని బియాంకా అసెవెడో, సగటున 21 ఏళ్లు కాపురం చేసి ఇంకా గాఢంగా ప్రేమిస్తున్నామన్న 17 మందికి అదే ఫొటో పరీక్ష చేసింది. డోపమైన్ భాగాలు వాళ్లలోనూ చురుగ్గానే ఉన్నాయి. కొత్త ప్రేమలో ఉండే బెంగ, ధ్యాస మాత్రం వాళ్లు చెప్పిన మాటల్లో లేవు. ఇలాంటివాళ్లను వెతికి తెచ్చారు కాబట్టి అందరూ అలాగే ఉంటారని కాదు, అలా ఉండటం సాధ్యమేనని మాత్రం తెలుస్తుంది.

కొత్తదనాన్ని మళ్లీ తేవడానికి బయటికి వెళ్లండని అందరూ చెబుతారు. ఇక్కడ అంటే పేరుపాలెం బీచ్, అంతర్వేది, మరీ అయితే పాపికొండల బోటు. ఈ సలహా మీద కొంత పరిశోధన ఉంది, అందులో ఒక మెలిక కూడా ఉంది. 1993లో ఆరన్, మరికొందరు కలిసి 53 జంటల మీద చేసిన ప్రయోగంలో కొందరిని వారానికి గంటన్నర "హాయిగా ఉండే" పనులు, కొందరిని "ఉత్సాహం కలిగించే" పనులు కలిసి చేయమన్నారు. పది వారాల తర్వాత రెండో రకం వాళ్లలోనే సంతృప్తి ఎక్కువగా పెరిగింది. ఆరన్ చెప్పే కారణం ఏమిటంటే, మొదట్లో అవతలి మనిషిని తెలుసుకోవడం వల్ల మన ప్రపంచం రోజురోజుకూ పెద్దదవుతుంది. తెలుసుకోవడం పూర్తయ్యాక ఆ పెరుగుదల ఆగుతుంది. ఇద్దరూ కలిసి తెలియని పనిలోకి దిగితే మళ్లీ కొంత మొదలవుతుంది. పేరుపాలెం మొదటిసారి ఆ పని చేస్తుంది. నాలుగోసారి అదే జొన్నపొత్తు, అదే ఫొటో.

నమూనా జంటలో పనిచేసింది బీచ్ కాదు. బిడ్డ ఆరు నెలల్లో ఉన్నప్పుడు అమ్మాయి చెరువు మేత లెక్కలు రాయడం మొదలుపెట్టింది. ఏ పూట ఎన్ని కిలోల మేత వేశారు, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయి, అన్నీ ఫోన్లో ఎక్కించేది. పదిహేను రోజులకే మేత ఎక్కువ పోతోందని ఆమె పట్టుకుంది. పొద్దున కాఫీ దగ్గర "బానే ఉంది" అన్న ఒక్క మాట సరిపోవడం ఆగిపోయింది, ఎందుకంటే ఆమె అడిగే ప్రశ్నకు అతని దగ్గర తయారుగా జవాబు లేదు. డబ్బు లెక్కలు కాబట్టి కొత్త గొడవలూ వచ్చాయి. అతని తమ్ముడికి ఇచ్చిన అప్పు సంగతి అలాగే బయటపడింది, రెండు రోజులు మాటల్లేవు.

## గొడవలు ఉండటం వేరు, ఆప్యాయత ఎండిపోవడం వేరు

ఏది మామూలు, ఏది కాదు అన్నదానికి టెడ్ హ్యూస్టన్ పరిశోధన ఉపయోగపడుతుంది. పెన్సిల్వేనియాలో 1981లో పెళ్లైన 168 జంటలను ఆయన బృందం పదమూడేళ్లకు పైగా గమనించింది. తర్వాత విడిపోయిన జంటలను ముందుగా గుర్తించడంలో మొదటి రెండేళ్ల పోట్లాటల కంటే, ఆ రెండేళ్లలో ఆప్యాయత ఎంత వేగంగా పడిపోయిందన్నదే ఎక్కువ ఉపయోగపడింది. ఇంకో ఆశ్చర్యం ఏమిటంటే, ఏడేళ్లు దాటాక విడిపోయిన జంటలు కొత్తలో అందరికంటే ఎక్కువ ఆప్యాయంగా ఉన్నవాళ్లు. సినిమాలా మొదలైన కాపురం దీర్ఘకాలానికి హామీ ఏమీ కాదన్నమాట.

దీన్ని ఇంటి భాషలో చెప్పుకుంటే, ఫోన్లు తగ్గడం, మాటలు పని మీదే ఉండటం, అప్పుడప్పుడు విసుక్కోవడం మామూలు కోవలోకి వస్తాయి. అతనికి జ్వరం వస్తే ఆమెకు పట్టకపోవడం, ఆమె ఏడుస్తుంటే అతను లేచి వెళ్లిపోవడం, నలుగురిలో ఎగతాళి చేయడం, అతను ఇంటికి వస్తున్నాడంటే ఆమెకు భయం వేయడం ఆ కోవలోకి రావు. కాన్పు తర్వాత వారాల తరబడి దిగులు, నిద్ర పట్టకపోవడం, బిడ్డను దగ్గరికి తీసుకోవాలని అనిపించకపోవడం ఉంటే అది డాక్టరుకు చూపించాల్సిన విషయం, మోజుకు సంబంధించింది కాదు. చెయ్యి చేసుకోవడం, కట్నం కోసం వేధించడం అసలు ఈ చర్చలోకే రావు. వాటికి మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. "మోజు తీరాక అంతేనమ్మా, సర్దుకుపో" అనే మాట డెల్టాలో ఎక్కువ నష్టం చేసేది ఇలాంటి చోటే. మామూలు మార్పుకు చెప్పాల్సిన ఓదార్పును హింసకు చెబుతారు.

నమూనా జంట మూడో సంక్రాంతికి అమలాపురం వెళ్లేసరికి ఆ ఇంట్లో కొత్త అల్లుడు ఇంకొకరు ఉన్నాడు, మరదలి భర్త. వంటకాల ముందు అతన్ని కూర్చోబెట్టి వీడియో తీస్తున్నారు. అతనూ మరదలూ కళ్లతోనే ఏదో చెప్పుకుంటున్నారు. పాత అల్లుడు బిడ్డను భుజాన వేసుకుని వరండాలో తిరుగుతున్నాడు. భార్య పక్కకు వచ్చి చెరువు లీజు కట్టాల్సిన తేదీ గుర్తు చేసింది. అతను పన్నెండో తారీఖు అన్నాడు. ఆమె కాదు, పదో తారీఖు అని ఫోన్ తీసి చూపించింది.